డాలర్లలో హోటల్ బిల్లు: ఏ రోజు రేటు వేయాలి, జీఎస్‌టీని రూపాయల్లో ఎలా చూపాలి? – తరచుగా అడిగే ప్రశ్నలు

విదేశీ టూర్ కంపెనీలకు గదులు ఇచ్చే హోటళ్లు, రిసార్టుల అకౌంట్స్ విభాగాల కోసం ఈ పేజీ. ధర డాలర్లలో మాట్లాడుకుంటారు, పన్ను మాత్రం రూపాయల్లో కట్టాలి. ఈ రెండింటి మధ్య నిలబడేది ఒక్క మారకపు రేటు. దాన్ని ఏ తేదీకి తీసుకోవాలన్న దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. అన్ని ప్రశ్నలకూ ఒకే ఉదాహరణ వాడాం. అందులోని మారకపు రేట్లు లెక్క అర్థం కావడానికి మేం అనుకున్నవే, ఏ రోజువీ అసలు రేట్లు కావు.

కస్టమర్ విదేశీయుడు, డబ్బు డాలర్లలో వస్తోంది. ఇది ఎగుమతే కదా, పన్ను ఎందుకు?

ఎగుమతి కాదు. సేవను ఎగుమతి అనాలంటే సప్లై జరిగిన చోటు, అంటే ప్లేస్ ఆఫ్ సప్లై, దేశం బయట ఉండాలి. హోటల్ గది విషయంలో ఐజీఎస్‌టీ చట్టం 13(4) సెక్షన్ ప్రకారం హోటల్ ఎక్కడుంటే అదే ఆ చోటు. విశాఖలో గది తీసుకున్న కంపెనీ ఆఫీసు బెర్లిన్‌లో ఉన్నా, డబ్బు న్యూయార్క్ నుంచి వచ్చినా సప్లై విశాఖలో జరిగినట్టే. హోటల్, ప్లేస్ ఆఫ్ సప్లై రెండూ ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి కాబట్టి సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ పడతాయి, ఐజీఎస్‌టీ కాదు. పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీపత్రం, అంటే ఎల్‌యూటీ, ఉందని పన్ను లేకుండా బిల్లు చేస్తే ఆడిట్‌లో ఆ పన్ను వడ్డీతో సహా హోటల్ నెత్తిన పడుతుంది. అప్పటికి గ్రూపు ఊరు దాటి ఏడాదై ఉంటుంది, వాళ్ల దగ్గర వసూలు చేసే దారి ఉండదు.

సరే, పన్ను ఉంది. రేటు ఏ రోజుది?

టైమ్ ఆఫ్ సప్లై రోజుది. సీజీఎస్‌టీ రూల్స్‌లో 34వ రూల్ చెప్పేది ఇదే. ఇన్‌వాయిస్ తేదీ, బుకింగ్ తేదీ, బ్యాంకు డాలర్లను రూపాయలుగా మార్చిన తేదీ, వీటిలో ఏదీ దానంతట అది లెక్కలోకి రాదు. ముందు టైమ్ ఆఫ్ సప్లై ఏదో తేల్చుకోవాలి. ఆ తేదీ దొరికితే రేటు దొరికినట్టే.

సేవలకు టైమ్ ఆఫ్ సప్లైని 13వ సెక్షన్ నిర్ణయిస్తుంది. సేవ పూర్తయిన 30 రోజుల్లోపు ఇన్‌వాయిస్ ఇస్తే ఇన్‌వాయిస్ తేదీ లేదా డబ్బు అందిన తేదీ, ఏది ముందైతే అది. ఇన్‌వాయిస్ ఆలస్యమైతే ఇన్‌వాయిస్ తేదీ స్థానంలో సేవ అందిన తేదీ వస్తుంది. డబ్బు అందిన తేదీ అంటే పుస్తకాల్లో రాసిన రోజు, బ్యాంకు ఖాతాలో జమ అయిన రోజు, ఈ రెండింటిలో ముందుది. డాలర్లు ఈఈఎఫ్‌సీ ఖాతాలో పడి అలాగే డాలర్లుగా ఉండిపోయినా అందినట్టే. వాటిని మూడు వారాల తర్వాత రూపాయలుగా మార్చుకున్నారా లేదా అన్నది జీఎస్‌టీకి అనవసరం.

అడ్వాన్సు ముందు వచ్చింది, మిగతా డబ్బు తర్వాత. ఒకే బిల్లులో రెండు రేట్లు వేయాలా?

వేయాలి. ఎక్కువమంది తప్పు చేసే చోటు ఇదే కాబట్టి ఉదాహరణను ఇక్కడ పూర్తిగా విప్పుతాం.

విశాఖలోని ఒక హోటల్ విదేశీ టూర్ కంపెనీకి 10 గదులు 5 రాత్రులకు ఇచ్చింది. రాత్రికి గదికి 120 డాలర్లు, పన్ను అదనం. అంటే 50 గది-రాత్రులకు 6,000 డాలర్లు, 18 శాతం పన్నుతో కలిపి 7,080 డాలర్లు. జనవరి 12న 2,360 డాలర్ల అడ్వాన్సు హోటల్ ఖాతాలో జమ అయింది. ఇందులో 2,000 గది అద్దె, 360 పన్ను. గ్రూపు ఫిబ్రవరి 14న గదులు ఖాళీ చేసింది, ఇన్‌వాయిస్ అదే రోజు ఇచ్చారు. మిగిలిన 4,720 డాలర్లు మార్చి 3న వచ్చాయి. డాలరు రేటు జనవరి 12న 90.00, ఫిబ్రవరి 14కు తీసుకున్నది 91.00 అనుకుందాం.

డబ్బు ఎంత మేరకు అందిందో అంత మేరకే సప్లై ఆ రోజు జరిగినట్టు చట్టం చూస్తుంది. కాబట్టి 6,000 డాలర్ల అద్దెలో 2,000కు టైమ్ ఆఫ్ సప్లై జనవరి 12, మిగతా 4,000కు ఫిబ్రవరి 14. మొదటి భాగం 90.00 చొప్పున 1,80,000 రూపాయలు. దాని మీద సీజీఎస్‌టీ 16,200, ఎస్‌జీఎస్‌టీ 16,200. రెండో భాగం 91.00 చొప్పున 3,64,000 రూపాయలు. దాని మీద సీజీఎస్‌టీ 32,760, ఎస్‌జీఎస్‌టీ 32,760.

ఇన్‌వాయిస్ మీద ఈ రెండు భాగాలనూ రెండు లైన్లుగా, ఒక్కోదాని పక్కన తేదీ, రేటు కనిపించేలా వేయండి. కింద మొత్తాలు ఇలా ఉంటాయి: పన్ను వేయదగిన విలువ 5,44,000, సీజీఎస్‌టీ 48,960, ఎస్‌జీఎస్‌టీ 48,960, బిల్లు మొత్తం 6,41,920 రూపాయలు. మొత్తం 6,000 డాలర్లకూ ఫిబ్రవరి రేటే వేసి ఉంటే పన్ను 98,280 వచ్చేది, అంటే 360 రూపాయలు ఎక్కువ. ఈ ఒక్క బిల్లులో ఇది చిల్లరే. కానీ జనవరి రిటర్నులో 1,80,000 అని చూపించిన అడ్వాన్సు ఫిబ్రవరి ఇన్‌వాయిస్‌లో 1,82,000గా మారిపోతుంది. ఆ 2,000 రూపాయల తేడా ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే చెప్పడానికి జవాబుండదు.

ఆ అడ్వాన్సుకు పన్ను జనవరిలోనే కట్టేయాలా?

కట్టాలి. సేవలకు అడ్వాన్సు అందిన నెలలోనే పన్ను బాధ్యత వస్తుంది. అడ్వాన్సు అందగానే 50వ రూల్ ప్రకారం రసీదు వోచర్ ఇవ్వాలి. దానిమీద డాలర్ మొత్తం, రేటు, రూపాయల విలువ, పన్ను రాయండి. తర్వాత ఇన్‌వాయిస్ చేసేవాళ్లకు ఆ వోచరే ఆధారం, అందులో ఉన్న రేటునే దించుకోవాలి.

నెలవారీ రిటర్ను వేసేవాళ్లు జనవరి జీఎస్‌టీఆర్-1లో 11ఏ టేబుల్‌లో ఈ అడ్వాన్సు చూపి, 32,400 రూపాయల పన్ను ఫిబ్రవరి 20లోపు జీఎస్‌టీఆర్-3బీలో కట్టాలి. ఫిబ్రవరి నెల జీఎస్‌టీఆర్-1లో మొత్తం 5,44,000 బిల్లు వస్తుంది, 11బీ టేబుల్‌లో 1,80,000 తగ్గింపు వస్తుంది. మిగిలిన 3,64,000 మీదే ఆ నెల పన్ను. 11బీలో వేసే అంకె 11ఏలో వేసిన అంకెతో పైసా తేడా లేకుండా కలవాలి. 11బీలో 1,82,000 కనిపించిందంటే, ఎవరో అడ్వాన్సును కొత్త రేటుతో మళ్లీ మార్చారని వెంటనే తెలిసిపోతుంది.

అడ్వాన్సు పన్ను మరిచిపోయి అంతా ఫిబ్రవరి రిటర్నులోనే కడితే 32,400 మీద ఫిబ్రవరి 20 నుంచి మార్చి 20 వరకు 28 రోజులకు ఏడాదికి 18 శాతం చొప్పున సుమారు 447 రూపాయల వడ్డీ పడుతుంది.

టూర్ కంపెనీకి ఇక్కడ జీఎస్‌టీ నంబరు ఉండదు కాబట్టి ఈ బిల్లు బీటూసీ కిందికి, అంటే 7వ టేబుల్‌లోకి వెళ్తుంది. ఎగుమతుల టేబుల్ 6ఏలో వేయకండి. ఎగుమతి కాదు, బీటూబీ కాదు కాబట్టి ఈ-ఇన్‌వాయిస్ కూడా అక్కర్లేదు.

రేటు ఎవరి దగ్గరి నుంచి తీసుకోవాలి? ఆర్‌బీఐ, బ్యాంకు, కస్టమ్స్, మూడూ మూడు రకాలుగా ఉన్నాయి.

సేవలకు రూల్ ఏ సంస్థ పేరూ చెప్పలేదు. సాధారణంగా ఆమోదించిన అకౌంటింగ్ సూత్రాల ప్రకారం నిర్ణయించిన రేటు అని మాత్రమే అంది. 2017 జులైలో జీఎస్‌టీ మొదలైనప్పుడు ఈ రూల్‌లో ఆర్‌బీఐ రిఫరెన్స్ రేటు అని ఉండేది. అదే నెల 27న మార్చి సరుకులకూ సేవలకూ వేరువేరు పద్ధతులు పెట్టారు. ఇప్పటికీ చాలామంది ‘ఆర్‌బీఐ రేటే వేయాలి’ అనడానికి మూలం ఆ మొదటి నెల రూల్.

అకౌంటింగ్ ప్రమాణాలు అడిగేది లావాదేవీ జరిగిన రోజు స్పాట్ రేటు. దానికి ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా, అంటే ఎఫ్‌బీఐఎల్, ఇచ్చే రిఫరెన్స్ రేటు తీసుకోవడం తేలిక. 2018 జులై నుంచి ఆర్‌బీఐ బదులు ఎఫ్‌బీఐఎల్ దీన్ని ప్రకటిస్తోంది, పనిదినాల్లో రోజుకు ఒక్కసారే వస్తుంది, అందరికీ కనిపిస్తుంది. మీ బ్యాంకు టీటీ బయింగ్ రేటు వాడినా తప్పనడానికి లేదు. తప్పేదంటే ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి, ఏది తక్కువైతే అది వాడటం. ‘ఫలానా రేటు వాడతాం, సెలవు రోజైతే ముందు పనిదినం రేటు తీసుకుంటాం’ అని ఒక పేజీ రాసి, సంతకం పెట్టి ఫైలులో ఉంచండి. ఫిబ్రవరి 14 శనివారమైతే 13 నాటి రేటు, ఆ రోజు స్క్రీన్ ప్రింట్‌తో సహా ఇన్‌వాయిస్ వెనక పెట్టండి. మూడేళ్ల తర్వాత అడిగినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

ఆ వారం లేదా నెల సగటు రేటు వాడొచ్చా అని కొందరు అడుగుతారు. రేటు పెద్దగా ఊగనప్పుడు అకౌంటింగ్ ప్రమాణాలు అందుకు ఒప్పుకుంటాయి. కానీ 34వ రూల్‌లో ‘ఆ తేదీకి’ అన్న మాట ఉంది. పదీ పదిహేను డాలర్ బిల్లుల కోసం సగటు రేటు పెట్టుకుని వాదన తెచ్చుకోవడం మా దృష్టిలో అనవసరం.

కస్టమ్స్ బోర్డు ప్రకటించే రేటు సరుకులది, హోటల్ బిల్లుకు అది వాడకండి. ఆదాయపు పన్ను టీడీఎస్ కోసం ఎస్‌బీఐ టీటీ బయింగ్ రేటు తీసుకుంటారు, అది వేరే చట్టం. ఒకే చెల్లింపుకు రెండు చట్టాల కింద రెండు రూపాయల అంకెలు రావడం మామూలే, వాటిని బలవంతంగా ఒకటి చేయాలని చూడకండి.

బ్యాంకు మాకు ఇచ్చిన రేటు వేరు. తక్కువ రూపాయలు వచ్చాయి. పన్ను తగ్గించుకోవచ్చా?

తగ్గదు. ఉదాహరణలో మార్చి 3న వచ్చిన 4,720 డాలర్లకు బ్యాంకు 90.40 చొప్పున 4,26,688 రూపాయలు జమ చేసిందనుకుందాం. పుస్తకాల్లో రావలసింది 4,29,520. తేడా 2,832 రూపాయలు మారకపు నష్టం ఖాతాకు వెళ్తుంది. ఇన్‌వాయిస్‌నూ, పన్నునూ ముట్టుకోవద్దు. రేటు పెరిగి 2,832 ఎక్కువ వచ్చినా అంతే, అది మారకపు లాభం, దానిమీద జీఎస్‌టీ కట్టక్కర్లేదు.

మధ్యలో ఏదో విదేశీ బ్యాంకు 25 డాలర్లు కోసుకుని 4,695 డాలర్లే జమ అయినా విలువ 4,720 గానే ఉంటుంది. ఆ 25 మీ బ్యాంకు ఛార్జీ. కస్టమర్ ఇన్‌వాయిస్‌ను 25 డాలర్లు తగ్గించి మూసేయడం చాలా ఆఫీసుల్లో అలవాటు. అలా చేస్తే పన్ను తక్కువ చూపించినట్టు అవుతుంది.

ఇన్‌వాయిస్ మీద పన్ను డాలర్లలో చూపొచ్చా?

కస్టమర్ కోసం డాలర్ కాలమ్ పెట్టుకోండి, ఆయన చెల్లించేది చూసుకునేది అందులోనే. కానీ రిటర్ను పోర్టల్‌కు రూపాయలే తెలుసు. అందుకే పన్ను వేయదగిన విలువ, పన్ను శాతం, సీజీఎస్‌టీ మొత్తం, ఎస్‌జీఎస్‌టీ మొత్తం రూపాయల్లో ఇన్‌వాయిస్ మీదే ఉండాలి. ‘1 డాలరు = 91.00 రూపాయలు, ఎఫ్‌బీఐఎల్, తేదీ ఫలానా’ అని ఒక లైను రాస్తే, బిల్లు చూసినవాళ్లు ఎవరైనా లెక్క మళ్లీ వేసుకోగలుగుతారు.

లెక్క వరస ముఖ్యం. ముందు అద్దెను రూపాయల్లోకి మార్చాలి, ఆ తర్వాత రూపాయల మీద పన్ను వేయాలి. డాలర్లలో పన్ను వేసి, సెంట్లకు సరిచేసి, దాన్ని రూపాయల్లోకి మార్చితే పైసలు తప్పుతాయి. గది 83.35 డాలర్లు అనుకోండి. డాలర్లలో 18 శాతం అంటే 15.003, సెంట్లకు సరిచేస్తే 15.00, 91 చొప్పున 1,365.00 రూపాయలు. సరైన వరసలో చూస్తే 83.35 డాలర్లు 7,584.85 రూపాయలు. దాని మీద 9 శాతం 682.64, రెండు పన్నులూ కలిపి 1,365.28. ఒక గదికి 28 పైసల తేడా, 50 గది-రాత్రులకు 14 రూపాయలు. బిల్లు మొత్తానికీ లైన్ల కూడికకూ పొంతన కుదరక సాఫ్ట్‌వేర్ మొరాయించేది సాధారణంగా ఇందుకే. ఎక్సెల్‌లో చేసేవాళ్లకు B గడిలో పన్ను కలపని డాలర్లు, C గడిలో రేటు ఉన్నాయనుకుంటే:

```
D2: =ROUND(B2*C2,2)
E2: =ROUND(D2*9%,2)
F2: =E2
G2: =D2+E2+F2
```

అడ్వాన్సు భాగం ఒక వరుస, మిగతా భాగం ఇంకో వరుస. రెండు రేట్లకు సగటు తీసి ఒకే వరుసలో వేయకండి.

గది 83 డాలర్లు. 5 శాతమా, 18 శాతమా?

మారకపు రేటు పన్ను మొత్తాన్నే కాదు, పన్ను శాతాన్నే మార్చేసే చోటు ఇది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు గది విలువ 7,500 రూపాయలు దాటకపోతే 5 శాతం, దాటితే 18 శాతం. ఆ 7,500 రూపాయల గీత మీ డాలర్ ధరకు తెలియదు.

83 డాలర్లు 90.00 చొప్పున 7,470 రూపాయలు, పన్ను 5 శాతం, 373.50. అదే గది 91.00 చొప్పున 7,553 రూపాయలు, పన్ను 18 శాతం, 1,359.54. డాలరు ఒక్క రూపాయి పెరిగితే గది-రాత్రికి పన్ను 986 రూపాయలు పెరిగింది. 50 గది-రాత్రులకు 49 వేలు దాటుతుంది. ఒప్పందంలో ‘పన్నుతో కలిపి’ అని ఉంటే అదంతా హోటల్ జేబులోంచే పోతుంది.

మీ ధర గీతకు ఎంత దగ్గరో తెలుసుకోవడానికి 7,500ను డాలర్ ధరతో భాగించండి. 83 డాలర్ల గదికి 90.36 వస్తుంది, డాలరు అది దాటితే 18 శాతం. 120 డాలర్లకు 62.50 వస్తుంది, అంటే ఎప్పుడూ 18 శాతమే, భయం లేదు. పన్నుతో కలిపి మాట్లాడిన ధరైతే ముందు పన్ను తీసేసి మిగిలినదాన్ని పోల్చాలి.

మొత్తం డబ్బు అడ్వాన్సుగా వచ్చేస్తే ఆ రోజు రేటుతో శాతం తేలిపోతుంది. సగం అడ్వాన్సు గీతకు ఇటు, సగం బిల్లు గీతకు అటు పడితే ఒకే గదికి రెండు శాతాలా అన్న పేచీ మొదలవుతుంది. ఆ పేచీ గెలవడం కంటే రాకుండా చూసుకోవడం మేలు: గీతకు దగ్గరగా ఉన్న గదులకు ధరను ఒప్పందంలోనే రూపాయల్లో రాసుకోండి, లేదా పూర్తి డబ్బు ఒకేసారి తీసుకోండి. ఏ గదులు, ఎన్ని రాత్రులు అన్నది తేలకుండానే అడ్వాన్సు వస్తే, పన్ను శాతం తెలియనప్పుడు 18 శాతం కట్టాలని 50వ రూల్ చెబుతోంది.

ఇంకో మాట. 5 శాతం గదులకు ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. శాతం మారితే ఆ గదికి సంబంధించిన క్రెడిట్ లెక్క కూడా మారుతుంది.

ప్రొఫార్మా ఇన్‌వాయిస్ ఇచ్చిన రోజు రేటు వేయకూడదా? ఒప్పందంలో డాలరు 88 అని రాసుకున్నాం కూడా.

ప్రొఫార్మా ధర చెప్పే కాగితమే, పన్ను ఇన్‌వాయిస్ కాదు. దాని తేదీతో టైమ్ ఆఫ్ సప్లై రాదు, రేటూ రాదు.

ఒప్పందపు రేటు విషయంలో ఒకటి చూడండి. ధర నిజంగా రూపాయల్లోనే ఖరారై, కస్టమర్ అన్ని రూపాయలకు సరిపడా డాలర్లు పంపుతారా? అలాగైతే అది రూపాయల బిల్లు, మారకపు రేటు గొడవే లేదు. అలా కాక ధర డాలర్లలోనే ఉండి, మీ లోపలి లెక్కల కోసం 88 అని రాసుకుంటే, జీఎస్‌టీకి ఆ 88 పనికిరాదు. బ్యాంకు దగ్గర ఫార్వర్డ్ కవర్ తీసుకున్న రేటుకూ ఇదే వర్తిస్తుంది.

ఇన్‌వాయిస్ మార్చి 25న చేశాం. రేటు మార్చి 25దేనా?

కాదు. గదులు ఫిబ్రవరి 14న ఖాళీ అయ్యాయి, 30 రోజుల గడువు మార్చి 16తో అయిపోయింది. గడువు దాటాక ఇన్‌వాయిస్ తేదీకి విలువ లేదు, సేవ అందిన తేదీ, అంటే ఫిబ్రవరి 14, లెక్క. ఇన్‌వాయిస్ మీద తేదీ మార్చి 25 ఉంటుంది, రేటు పక్కన తేదీ ఫిబ్రవరి 14 ఉంటుంది. చూడటానికి వింతగా ఉన్నా సరైనది అదే. పన్ను ఫిబ్రవరి నెలది కాబట్టి మార్చి 20 తర్వాత కడితే వడ్డీ కూడా ఉంటుంది.

బిల్లు చేశాక రెండు గది-రాత్రులు తగ్గించమన్నారు. క్రెడిట్ నోట్ ఏ రేటుతో?

ఏ లైను తగ్గిస్తున్నారో ఆ లైనులో వేసిన రేటుతోనే. క్రెడిట్ నోట్ కొత్త సప్లై కాదు, పాత సప్లై పన్నును సరిచేసే కాగితం. 240 డాలర్లను 91.00 లైను నుంచి తగ్గిస్తే 21,840 రూపాయలు, సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ ఒక్కోటి 1,965.60 చొప్పున, రెండూ కలిపి 3,931.20. క్రెడిట్ నోట్ ఇచ్చిన రోజు డాలరు 92 అయినా, 90 అయినా ఈ అంకెలు మారవు. కస్టమర్‌కు డాలర్లు తిరిగి పంపేటప్పుడు ఆ రోజు రేటుతో బ్యాంకు తీసుకునే రూపాయలకూ ఈ మొత్తానికీ మధ్య తేడా మారకపు లాభనష్టాల ఖాతాకే.

ఇన్‌వాయిస్ కాకముందే గ్రూపు రద్దయి అడ్వాన్సు తిరిగిస్తే క్రెడిట్ నోట్ కాదు, 51వ రూల్ కింద రిఫండ్ వోచర్ ఇవ్వాలి. రేటు రసీదు వోచర్‌లో ఉన్న 90.00.

విదేశీ బుకింగ్ సైటుకు మేం కమీషన్ కడతాం. దానికీ ఇదే పద్ధతా?

సూత్రం అదే, తేదీ వేరు. ముందు ఆ కమీషన్ బిల్లు మీద ఇండియా జీఎస్‌టీ నంబరు ఉందేమో చూడండి. ఉంటే అది మామూలు దేశీయ బిల్లు. లేకపోతే సేవను దిగుమతి చేసుకున్నట్టు, రివర్స్ ఛార్జీ కింద ఐజీఎస్‌టీ మీరే కట్టాలి, అదీ నగదు లెడ్జర్ నుంచే, క్రెడిట్‌తో కుదరదు.

ఇక్కడ సెల్ఫ్ ఇన్‌వాయిస్ మీరే రాసుకోవాలి. 2024 నవంబరు 1 నుంచి దానికి సేవ అందిన 30 రోజుల గడువు పెట్టారు. డబ్బు కట్టిన తేదీ, సెల్ఫ్ ఇన్‌వాయిస్ తేదీ, ఈ రెండింటిలో ముందుదాని రేటు వేయాలి. నెలాఖరున బిల్లులన్నీ కుప్పగా పోసి, ఒకే తేదీ రేటుతో సెల్ఫ్ ఇన్‌వాయిస్‌లు రాసే అలవాటుంటే, కార్డు మీద అప్పటికే డబ్బు పోయిన బిల్లులకు తేదీ తప్పుతుంది. కార్డు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని రాయండి.

మాది మిర్చి ఎగుమతి. హోటళ్ల రూలే మాకూ వర్తిస్తుందా?

వర్తించదు. సరుకులకు రేటు ఎక్కడి నుంచి తీసుకోవాలో రూలే చెప్పింది: కస్టమ్స్ చట్టం 14వ సెక్షన్ కింద ప్రకటించే రేటు. నెలలో మొదటి, మూడో గురువారాల్లో ప్రకటిస్తారు, ఐస్‌గేట్‌లో చూసుకోవచ్చు. దిగుమతికీ ఎగుమతికీ వేరువేరు కాలమ్‌లు ఉంటాయి, మీరు చూడాల్సింది ఎగుమతి కాలమ్. జపాన్ యెన్, కొరియా వాన్‌లకు రేటు 100 యూనిట్లకు ఇస్తారు. అది గమనించక బిల్లును వంద రెట్లు చేసినవాళ్లు ఉన్నారు.

సరుకులకు అడ్వాన్సు మీద పన్ను 2017 నవంబరు 15 నుంచి లేదు, కాబట్టి అడ్వాన్సు రోజు రేటు బెడద మీకు లేదు, ఇన్‌వాయిస్ తేదీయే చూసుకోవాలి. మీ చిక్కు వేరే చోట ఉంటుంది. గుంటూరులో బుధవారం ఇన్‌వాయిస్ చేసి, షిప్పింగ్ బిల్లు శనివారం వేస్తే మధ్యలో గురువారం కొత్త రేటు వచ్చి ఉండొచ్చు. కస్టమ్స్ షిప్పింగ్ బిల్లు రోజు రేటు తీసుకుంటుంది, మీ ఇన్‌వాయిస్‌లో పాత రేటు ఉంటుంది. రెండూ సరైనవే, దిద్దాల్సిందేమీ లేదు. ఎల్‌యూటీ మీద పంపి, పేరుకున్న క్రెడిట్ రిఫండ్ అడిగేటప్పుడు మాత్రం ఇన్‌వాయిస్ విలువ, షిప్పింగ్ బిల్లులోని ఎఫ్‌ఓబీ విలువ, ఈ రెండింటిలో తక్కువదే లెక్కలోకి వస్తుంది. రిఫండ్ షీటులో ఎక్కువది వేస్తే డెఫిషియెన్సీ మెమోనో, కోతనో తప్పదు.